పగలు నిద్ర, రాత్రి మెలకువ
(మదనపల్లెలో ఇచ్చిన స్మారక ఉపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఏ మాస్టారి పేరున జరుగుతోందో, ఆయన ఇక్కడ కూర్చున్న చాలామందికి అక్షరాలు దిద్దించినవారు. చివరి ఏడాది లివర్ జబ్బుతో ఇంట్లోనే గడిపారు. నన్ను ఈ సభకు పిలుస్తూ అమ్మగారు ఒక్క మాట అడిగారు. "ఆయన రాత్రిళ్లు అట్లా మేలుకొని ఎందుకు కూర్చునేవారో మాకెవరూ చెప్పలేదు నాయనా. అది చెప్పు." కాలేయం గురించి చెప్పవలసినవి వంద ఉన్నాయి. నేను అమ్మగారి ప్రశ్న ఒక్కటే పట్టుకుంటాను.

ముందు ఒక మనిషి సంగతి చెబుతాను. నిజానికి ఇది ఒక మనిషి కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్కల నుంచి నా దగ్గరికి వచ్చిన అనేక కుటుంబాల అనుభవాలను ఒక ఇంట్లో కూర్చాను, ఎవరినీ ఎవరూ గుర్తుపట్టకూడదని.

పుంగనూరు దగ్గర పల్లె. యాభై నాలుగేళ్ల టమోటా రైతు. చాలా ఏళ్లు తాగి, రెండేళ్ల కిందట పూర్తిగా మానేశాడు. అప్పటికే కాలేయం గట్టిపడిపోయింది. దాన్నే సిరోసిస్ అంటాం. తాగుడు వల్లే వస్తుందనుకోకండి; హెపటైటిస్ బి, సి వల్లా వస్తుంది, షుగరూ ఊబకాయమూ ఉన్నవాళ్లకు కొవ్వు పట్టిన లివర్ నుంచీ వస్తుంది. ఈయనకు పొట్టలో నీరు చేరింది. నీరు తగ్గే మాత్రలు ఉన్నాయి. వాటితోపాటు లాక్టులోజ్ అనే తియ్యటి సిరప్, పూటకు ఇరవై మిల్లీలీటర్ల చొప్పున రోజుకు మూడుసార్లు. దాంతో రోజుకు రెండు మూడు మెత్తటి మోషన్లు అవుతున్నాయి. మనిషి బాగానే ఉన్నాడు.

బుధవారం కుప్పంలో మేనల్లుడి పెళ్లి. పలమనేరు, వి.కోట మీదుగా బస్సు ప్రయాణం. దారిలో మోషన్ వస్తే ఎక్కడికి పోవాలని మంగళవారం పొద్దుటి నుంచే సిరప్ ఆపేశాడు. ఈ కారణం విని నవ్వకండి. సిరప్ మానేసిన వాళ్లను ఎందుకు మానేశారని అడిగితే నాకు ఎక్కువగా వచ్చే జవాబుల్లో ఇది ఒకటి. రెండోది, "మోషన్ బాగానే అయితాండాది కదా సార్, ఇంకెందుకని ఆపేసినా" అనేది. మందు పనిచేస్తున్నదన్న గుర్తునే, ఇక మందు అక్కర్లేదన్న గుర్తుగా తీసుకుంటారు. సీసా మీద మలబద్ధకం మందు అని ఉంటుంది కాబట్టి ఆ పొరపాటు పూర్తిగా వాళ్లది కాదు. అది తలకు కాపలా అని మేము చెప్పకపోవడం మా పొరపాటు.

పెళ్లి భోజనంలో ఊరగాయలూ అప్పడాలూ తిన్నాడు. గురువారం ఇంటికి వచ్చేసరికి కాళ్లు వాచాయి. ఉప్పు పట్టుకున్న నీరు అది. ఎవరినీ అడగకుండా నీటి మాత్ర ఒకటికి రెండు వేసుకున్నాడు. ఆ రాత్రి రెండింటి దాకా మంచం మీద కూర్చునే ఉన్నాడు. ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. టమోటా కోతల రోజుల్లో మన పల్లెల్లో రాత్రి మేలుకోవడం వింత కాదు. కోసి, గ్రేడ్ చేసి, బాక్సులు నింపి, తెల్లారేసరికి మదనపల్లె మార్కెట్‌కు చేర్చాలి. శుక్రవారం పగలంతా పడుకున్నాడు. అలిసిపోయినాడులే అనుకున్నారు.

శనివారం కొడుకుతో మండీకి వచ్చాడు. బాక్సులు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. చీటీ మీద సంతకం పెట్టమంటే అక్షరాలు గీత దాటి కిందికి జారిపోయాయి. ఆ రాత్రి ఒంటిగంటకు లేచి, పాలు పితకాలని చెంబు పట్టుకుని ఆవు దగ్గరికి పోయాడు. భార్య అడ్డం పోతే తిట్టాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మాట ఎప్పుడూ ఆయన నోట రాలేదు. "నిద్దర లేక మెంటల్ ఎక్కినట్లుండాది" అని కొడుకు అప్పటికే టౌనులో ఒక మందుల షాపులో కొనుక్కొచ్చిన నిద్రమాత్ర వేశాడు. పడుకున్నాడు. ఆదివారం పొద్దున ఎంత తట్టినా కళ్లు తెరవలేదు. పక్క తడిసిపోయింది.

ఇప్పుడు ఇదే వారాన్ని వైద్యుడి కంటితో మళ్లీ చూద్దాం.

మీ కొష్టంలో పొద్దున్నే కళ్లు మండించే వాసన ఉంటుంది కదా, అది అమ్మోనియా. పశువు మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు విరగ్గొడితే అది పుడుతుంది. మన పేగుల్లోనూ ఇదే పని నడుస్తుంది. తిన్న మాంసకృత్తుల నుంచీ, పేగుల్లోని సూక్ష్మజీవుల నుంచీ రాత్రింబగళ్లు అమ్మోనియా పుడుతూనే ఉంటుంది. పేగుల రక్తమంతా ముందు కాలేయంలోకి పోవాలి. కాలేయం ఆ అమ్మోనియాను యూరియాగా మార్చి మూత్రంలోకి పంపిస్తుంది. మీరు చేలో చల్లే యూరియా, ఇదీ ఒకటే పదార్థం. ఈ మార్పు ఎట్లా జరుగుతుందో 1932లో జర్మనీలో హాన్స్ క్రెబ్స్, కర్ట్ హెన్సెలైట్ కనిపెట్టారు.

సిరోసిస్‌లో రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి. యూరియా చేసే కణాలు తగ్గిపోతాయి. గట్టిపడిన కాలేయంలోంచి రక్తం పారలేక పక్కదార్లు వెతుక్కుంటుంది. చెరువు పొంగినప్పుడు నీరు తూము వదిలి గండి వెంట పోయినట్టు. ఆ గండి వెంట పోయిన అమ్మోనియా నేరుగా మెదడుకు చేరుతుంది. మెదడు దాన్ని గ్లుటమిన్‌గా మార్చి దాచుకోబోతుంది. దాంతో మెదడులోని ఆధార కణాల్లోకి నీరు చేరుతుంది. ఆలోచన మందగిస్తుంది. ఈ స్థితినే హెపాటిక్ ఎన్సెఫలోపతి అంటాం.

అమ్మగారి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఈ జబ్బులో చాలామందికి మతి తప్పడం కన్నా ముందు నిద్ర తిరగబడుతుంది. చీకటి పడగానే మెలటోనిన్ అనే హార్మోను రక్తంలో పెరిగి నిద్రకు వేళయిందని ఒంటికి చెబుతుంది. తెల్లారేసరికి కాలేయం దాన్ని చాలావరకు శుభ్రం చేయాలి. జబ్బు పడిన కాలేయం ఆ పని సరిగా చేయలేదు. మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా పెరుగుతుంది, పగలు కూడా మిగిలి ఉంటుంది. దానికి అమ్మోనియా తెచ్చే మగత తోడవుతుంది. ఫలితంగా మధ్యాహ్నం తల వాలిపోతుంది, నడిరేయి కళ్లు తెరుచుకుంటాయి. సిరోసిస్ ఉన్నవాళ్లలో నిద్ర చెడిన ప్రతిసారీ ఇదే కారణమని నేను అనను. ఒంటి దురద, పిక్కలు పట్టేయడం, సాయంత్రం వేసుకున్న నీటి మాత్ర వల్ల మాటిమాటికీ మూత్రానికి లేవడం కూడా రాత్రిని పాడుచేస్తాయి. తేడా పగటి పూట తెలుస్తుంది. దురద వల్ల నిద్ర లేనివాడు పగలు చిరాగ్గా ఉంటాడు కానీ లెక్క తప్పడు. మన రైతు బాక్సులు లెక్కపెట్టలేకపోయాడు.

కాబట్టి గురువారం రాత్రి రెండింటిదాకా కూర్చోవడమే మొదటి గంట. సంతకం జారడం రెండోది. ఆవు దగ్గరికి చెంబు పట్టుకుని పోయేసరికి మూడో గంట మోగింది. ఆ రాత్రే ఆస్పత్రికి వచ్చి ఉంటే సిరప్‌తోనే తేరుకునేవాడు. నిద్రమాత్ర ఆ అవకాశం తీసేసింది. ఆ మాత్రల్ని కూడా కాలేయమే కరిగించాలి. కరిగించలేని కాలేయంలో ఒక మాత్ర రెండు మూడు మాత్రల బరువుతో, రెండు మూడు రోజులు కూర్చుంటుంది. ఆల్ప్రజోలామ్, డయాజెపామ్ లాంటివే కాదు, కోడీన్ ఉన్న దగ్గు మందులూ, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలూ అంతే. ఈ జబ్బులో నిద్ర పట్టకపోవడం మందు వేయవలసిన లక్షణం కాదు, వెతకవలసిన ఆచూకీ. నా మాటల్లో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే దీన్నే గుర్తుంచుకోండి.

ఆదివారం ఆయన్ని ఆస్పత్రికి తెచ్చారు. మొదట చూసింది షుగర్. కాలేయ రోగికి షుగర్ పడిపోయినా ఇట్లాగే ఉంటుంది, అది నిమిషాల్లో సరిచేయగలిగింది. తలకు దెబ్బ తగిలిందా అని అడిగాం; పడిపోయి ఉంటే తల స్కాన్ తీసేవాళ్లం. ఆ తర్వాత పొట్టలో నీటిని సూదితో కాస్త తీసి పరీక్షకు పంపాం. ఆ నీటికి సోకిన ఇన్ఫెక్షన్ జ్వరం కూడా లేకుండా మతి తప్పించగలదు. ఒక ఘన మిల్లీమీటరులో 250 కన్నా ఎక్కువ న్యూట్రోఫిల్ కణాలుంటే ఇన్ఫెక్షన్ అని తీర్మానిస్తాం. ఈయనకు లేదు. మలం నల్లగా ఉందా అని చూశాం, ఎందుకంటే లోపల రక్తం కారితే అది పేగులకు పెద్ద మాంసాహార భోజనంతో సమానం, దాని నుంచీ అమ్మోనియా పుడుతుంది. అదీ లేదు. దొరికినవి మూడు. మూడు రోజులుగా పేగుల్లో ఆగిన మలం, రెట్టింపు నీటి మాత్ర వల్ల పడిపోయిన పొటాషియం, దాని మీద నిద్రమాత్ర. పొటాషియం తగ్గితే మూత్రపిండాలే అమ్మోనియాను ఎక్కువ తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. చాలామందికి ఈ సంగతి తెలియదు, నీటి మాత్ర అంటే నీటినే తీస్తుందనుకుంటారు.

అమ్మోనియా పరీక్ష సంగతి కూడా చాలామంది అడుగుతారు. అంకె ఎంత ఉందన్నదాన్ని బట్టి జబ్బు తీవ్రత చెప్పలేం. అంకె మామూలుగా ఉంటే మాత్రం వేరే కారణం వెతకాలి. రోజూ ఆ పరీక్ష చేయించి డబ్బు పోగొట్టుకోవలసిన పని లేదు.

ముక్కు గుండా ట్యూబు వేసి గంట రెండు గంటలకోసారి లాక్టులోజ్ పోశాం, కింద నుంచి ఎనిమా ఇచ్చాం, నీటి మాత్రలు ఆపేశాం, పొటాషియం ఎక్కించాం. ఆదివారం రాత్రికి నాలుగు మోషన్లు. సోమవారం భార్య పేరు చెప్పాడు. చేతులు ముందుకు చాచి, బస్సు ఆపుతున్నట్టు మణికట్లు వెనక్కి వంచమంటే, క్షణం నిలిచి చప్పున కిందికి వాలి మళ్లీ లేస్తున్నాయి. ఈ జబ్బుకు పేరు పడ్డ వణుకు అది. మంగళవారం అది తగ్గింది. బుధవారం పొద్దున "టమోటా ఎంత పలుకుతాండాది?" అని కొడుకును అడిగాడు. అప్పుడు ఆ కొడుకు వార్డు బయటికి పోయి ఏడ్చాడు.

లాక్టులోజ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అది చక్కెరే, కానీ మన పేగులు దాన్ని పీల్చుకోలేవు. అది పెద్దపేగు దాకా దిగుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి, పేగు పుల్లబారుతుంది. పుల్లటి చోట అమ్మోనియా రూపం మారి రక్తంలోకి తేలిగ్గా దాటలేదు, మలంలోనే ఉండిపోతుంది. పైగా ఆ సిరప్ నీటిని పేగులోకి లాగి, ఆ మలాన్నంతా బయటికి తోసేస్తుంది. 1966లో జొహానెస్ బిర్చర్, ఆయన సహచరులు ఈ జబ్బుకు దీన్ని వాడి లాన్సెట్‌లో రాశారు. అరవై ఏళ్లు గడిచినా మొదటి మందు ఇదే. 2009లో ఢిల్లీ జి.బి. పంత్ ఆస్పత్రి వైద్యులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకసారి మతి తప్పి కోలుకున్నవాళ్లలో లాక్టులోజ్ కొనసాగించిన 61 మందిలో 12 మందికీ, వాడని 64 మందిలో 30 మందికీ జబ్బు మళ్లీ వచ్చింది. అంటే మందు సగానికి పైగా ఆపింది, అందరిలోనూ ఆపలేదు. మందు వాడుతున్నా జబ్బు మళ్లీ వస్తే రిఫాక్సిమిన్ అనే మాత్రను దానికి జత చేస్తాం, దాన్ని తీసేసి కాదు.

ఈ మందుకు మోతాదు సీసా మీద ఉండదు, మరుగుదొడ్డిలో ఉంటుంది. రోజుకు రెండు మూడు మెత్తటి విరేచనాలు అయ్యేంత మందే ఆ మనిషికి సరైన మోతాదు. ఒకరికి పూటకు పదిహేను మిల్లీలీటర్లు చాలు, ఇంకొకరికి ముప్పై కావాలి. ఒక రోజు ఒక్కటే అయిందంటే మీ డాక్టరు చెప్పినట్టు పెంచండి. అయిదారు నీళ్లలా అవుతుంటే తగ్గించండి, కానీ పూర్తిగా ఆపకండి. ఎక్కువైనా ప్రమాదమే. నీళ్ల విరేచనాలతో ఒళ్లు ఎండిపోయి, పొటాషియం పడిపోయి, మందే మతి తప్పిస్తుంది. మొదటి వారం కడుపు ఉబ్బరమూ గ్యాసూ ఉంటాయి, తర్వాత సర్దుకుంటాయి. తీపి వెగటైతే నీళ్లలోనో మజ్జిగలోనో కలిపి ఇవ్వండి. ప్రయాణం ఉంటే ఆ రోజు పొద్దుటి పూటను చేరిన తర్వాతకు జరపవచ్చు. రెండు రోజులు ఆపకూడదు. మన రైతు చేయవలసింది అట్లా జరపడమే. ఇంకొక మాట: మనిషి మగతలో ఉంటే నోట్లో సిరప్ పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అప్పుడు చేయవలసింది 108కి ఫోన్ చేయడం.

ఇక తిండి. ఇక్కడ ఒక పాత భయాన్ని తుడిచేయాలి. 1877లో రష్యాలో ఎక్ అనే సర్జన్ కుక్కల్లో పేగుల రక్తాన్ని కాలేయం దాటించి నేరుగా పెద్ద సిరలో కలిపే శస్త్రచికిత్స చేశాడు. 1893లో పావ్లోవ్ బృందం అట్లాంటి కుక్కలకు మాంసం పెట్టి చూస్తే అవి తూలాయి, ఎదురుగా ఉన్నదాన్ని గుద్దుకున్నాయి, స్పృహ తప్పాయి. మనం ఇప్పుడు మాట్లాడుకుంటున్న జబ్బును ప్రయోగశాలలో మొదట చూసింది వాళ్లే. కానీ దాని నుంచి వైద్యులు తీసిన పాఠం, కాలేయ రోగికి పప్పూ పాలూ గుడ్డూ మాన్పించాలని, దశాబ్దాల పాటు జనాన్ని బక్కచిక్కించింది. మన కండ కూడా అమ్మోనియాను పట్టుకుని శుభ్రం చేస్తుంది. కండ కరిగితే కాలేయానికి ఉన్న ఆ ఒక్క సాయమూ పోతుంది. ఇప్పటి లెక్క ప్రకారం రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. బరువు లెక్కలో పొట్ట నీటిని తీసేయాలి. అరవై కిలోల మనిషికి డెబ్బై రెండు గ్రాముల పైమాటే. సంగటి, పప్పు, పెరుగు, పాలు, ఉడికించిన చెనిక్కాయలు, అనపగింజలు, గుడ్లు ఇవన్నీ కలిస్తే గానీ అది రాదు. మొక్కల, పాల మాంసకృత్తులు ఈ జబ్బులో బాగా సరిపడతాయి. రాత్రి పడుకోబోయే ముందు తప్పకుండా ఏదైనా తినాలి, ఒక గ్లాసు పాలో, రాగి జావో. గట్టిపడిన కాలేయంలో పిండి సరిపడా నిల్వ ఉండదు. రాత్రి పన్నెండు గంటలు ఖాళీగా ఉంటే ఒళ్లు తన కండనే కరిగించి తింటుంది. ఉపవాసాలు మాన్పించండి. మాన్పించవలసిన ఇంకొకటి ఉప్పు, ఊరగాయ.

ఇంట్లో ఉన్నవాళ్లకు ఇప్పుడు చెబుతాను. నిజానికి ఈ జబ్బుకు కాపలాదారు డాక్టరు కాదు, మీరే. రోగికి తన మతి తప్పుతున్నట్టు తెలియదు. "నాకేం కాలేదు" అని నిజాయితీగా అంటాడు. నేను రోగిని నెలకు పది నిమిషాలు చూస్తాను. నా ముందు కూర్చున్నప్పుడు ఆయన ఒళ్లు బిగబట్టుకుని సరిగ్గా జవాబు చెబుతాడు. ఆయన మాటలో పదం తడబడినట్టు, చొక్కా గుండీ తప్పు కాజాలో పెట్టినట్టు, అడిగిందే మూడుసార్లు అడిగినట్టు ముందు మీకు తెలుస్తుంది. మీకు తోచినదాన్ని చిన్నదని వదలకండి.

ఆ రైతు భార్యకు చదువు రాదు. ఆమె కనిపెట్టిన పద్ధతి నేను అందరికీ చెబుతున్నాను. వంటింటి గోడ మీద రోజుకొక వరుస. మోషన్ అయితే సుద్దముక్కతో నిలువు గీత. రాత్రి నిద్ర లేకపోతే సున్నా. గీతలు రెండుకన్నా తగ్గి పక్కన సున్నా కనబడితే ఆమె కొడుకుకు ఫోన్ చేస్తుంది. కొడుకు పొద్దున్నే నాన్నతో రోజూ ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తాడు, నిన్నటి సంతకం పక్కన. వారానికోసారి ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలడో అడుగుతాడు. ఇది ఆట కాదు, ప్రపంచంలో చాలాచోట్ల వైద్యులు వాడే పరీక్ష. పది కూడా చెప్పలేకపోతే అనుమానించాలి. పుంగనూరు ఆవుతో మొదలుపెడతాడట ఆయన, మొదటి వారం ఎనిమిదికి ఆగిపోయాడు, రెండో నెలకు పద్దెనిమిది చెప్పాడు.

ఆగకుండా ఆస్పత్రికి తేవలసినవి చెబుతాను. తట్టినా సరిగా మేలుకోకపోవడం. రక్తం వాంతి కావడం, మలం తారులా నల్లగా రావడం. జ్వరం, పొట్టనొప్పి. తల తగిలేలా పడిపోవడం. సిరప్ ఇస్తున్నా ఒక రోజంతా మోషన్ లేకపోవడం. మూత్రం బాగా తగ్గిపోవడం. తిట్టినా కొట్టబోయినా అది ఆ మనిషి కాదు, అమ్మోనియా అని గుర్తుంచుకోండి, కానీ దూరంగా నిలబడండి. బండి తాళాలూ ట్రాక్టర్ తాళాలూ తీసి దాచేయండి. ఒక్కసారి ఇట్లా మతి తప్పినవాళ్ల విషయంలో కాలేయ మార్పిడి గురించి నిపుణులతో మాట్లాడాలి, ఎందుకంటే సిరప్ తలను కాపాడుతుంది గానీ కాలేయాన్ని బాగుచేయదు.

పెళ్లాం రాత్రంతా మేలుకొని పగలు పొలం పోయే ఇళ్లు నేను చూశాను. రాత్రి కాపలాకు వంతులు వేసుకోండి. రోగిని పొద్దున్నే అరుగు మీద ఎండలో అరగంట కూర్చోబెట్టండి. పగటి వెలుతురు తిరగబడిన నిద్రను కాస్త దారికి తెస్తుంది, మీకూ ఒక అరగంట దొరుకుతుంది.

ఇక్కడికి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఆరోగ్యవరం ఉంది. 1915 నుంచి క్షయ రోగుల్ని దూరదూరాల నుంచి అక్కడికి తెచ్చి, ఇంటికి దూరంగా పెట్టి బాగుచేశారు. ఈ జబ్బుకు అట్లాంటి చోటు లేదు. ఇది ఇంట్లోనే వస్తుంది, ఇంట్లోనే కనిపెట్టాలి. అందుకే మాస్టారి ఇంట్లో ఆ రాత్రుల్లో ఏం జరుగుతోందో తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉండి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది.

చివరిగా మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలోని మందుల షాపు యజమానులకు నా విన్నపం. మీలో కొందరు ఈ సభలో ఉన్నారు. నిద్రమాత్ర అడిగి ఎవరైనా వస్తే, డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకండి. చీటీ ఉన్నా ఒక్క ప్రశ్న అడగండి: "ఎవరికి? వాళ్లకు లివర్ జబ్బేమైనా ఉందా?" ఉందని చెబితే మాత్ర ఇవ్వకండి, మోషన్ ఎప్పుడయిందో అడిగి ఆస్పత్రికి పంపండి.